84 భాగాల సీరియల్, ఇంకా ఆరే మిగిలాయి: ఇన్ని ముళ్ళు ఎలా విప్పాలి?

మేడమీదగది (శుక్రవారం, రాత్రి 9:40)

నమస్తే అండీ. కథల యాప్‌లో వారానికో భాగం చొప్పున ఏడాదిన్నర పైగా ఒక సీరియల్ రాస్తున్నాను. నిన్నటితో 84 భాగాలు అయ్యాయి. 90తో ముగిస్తానని పాఠకులకు చెప్పేశాను. ఇప్పుడు ముగింపు దగ్గర ఆగిపోయాను, రెండు వారాలుగా నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు.

కథ 1990లో మొదలై 1992 దాకా నడుస్తుంది. గౌలిగూడలో ఒక పాత ఇల్లు. తాతగారు లేరు. నాయనమ్మ, అమ్మ, నాన్న, పెద్దకొడుకు రఘు, కూతురు వసుంధర. అప్పుల వల్ల ఇల్లు అమ్మాలంటాడు నాన్న. అమ్ముతారా లేదా అన్నదే 1వ భాగం నుంచీ ఉన్న ప్రశ్న. 4లో రఘు నాన్నతో గొడవపడి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. 30వ భాగం నుంచి వాడు సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ఒక కిరాణా కొట్లో పని చేస్తున్నాడని పాఠకులకు తెలుసు, ఇంట్లో వాళ్ళకు తెలియదు. 11లో నాయనమ్మ ట్రంకుపెట్టె వచ్చింది, దాని తాళంచెవి పోయింది. 22 నుంచి వసుంధర ప్రేమ. 40 నుంచి కింది వాటాలో అద్దె ఇవ్వని టైలర్. మావయ్య స్కూటర్ ఎప్పటికీ స్టార్ట్ కాకపోవడం ఒక సరదా.

నా ప్లాన్ ఇది: 90లో వసుంధర పెళ్ళి. రఘు పెళ్ళికి వచ్చేస్తాడు. తాళంచెవి దొరుకుతుంది, పెట్టెలో తాతగారి పాత డిపాజిట్ కాగితాలు ఉంటాయి, ఆ డబ్బుతో ఇల్లు నిలుస్తుంది. టైలర్ అద్దె కట్టేస్తాడు, స్కూటర్ స్టార్ట్ అవుతుంది. రాసి మా అక్కకు చదివి వినిపించాను. "అన్నీ అయిపోయాయి గానీ ఏదీ జరిగినట్టు లేదే" అంది. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పండి.

సైదాబాద్ శీను (రాత్రి 10:05)

నాకైతే మీ ప్లాన్ కరెక్టే అనిపిస్తోంది. కర్ణుడి చావుకి వంద కారణాలంటారు కదా. శాపాలు, వరాలు, ఇచ్చిన మాటలు అన్నీ ఆఖరికి ఒకచోట వచ్చి పడ్డాయి కాబట్టే మనకు అంత బలంగా తగులుతుంది. చివరి భాగంలో అన్ని పాయలూ కలవాలి. ఇంకాస్త పెద్దగా రాయండి, అంతే.

బన్సీలాల్‌పేట (రాత్రి 10:31)

మేడమ్, మీకు ఆరు భాగాల టైమ్ ఉంది, అదృష్టవంతులు. నేను ఒక టీవీ డైలీ సీరియల్‌కి సంభాషణలు రాసేవాణ్ణి. ఒక సోమవారం పిలిచి, రెండు వారాల్లో ముగించమన్నారు. అప్పటికి తొమ్మిది ట్రాకులు నడుస్తున్నాయి. కొత్త లాయర్ పాత్ర ఒకటి తెచ్చి, ఆయన చేత అన్ని సమస్యలూ తీర్పించాం. చూసేవాళ్ళు ఆ లాయర్‌నే తిట్టుకున్నారు. ఇన్నేళ్ళైనా అది నన్ను బాధపెడుతూనే ఉంది. మీకు చెప్పగలిగింది ఒక్కటే: ఆఖర్లో కొత్త మనిషిని తేకండి.

పాత సంచిక (శనివారం, ఉదయం 7:15)

అమ్మా, నేను వారపత్రికలో సబ్ ఎడిటర్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. సీరియల్ ప్రతి వారం నా టేబుల్ మీదికే వచ్చేది. మీ అక్కగారి మాట సరైనదే.

ముందు శీను గారు చెప్పిన కర్ణుణ్ణే చూద్దాం, అది మంచి ఉదాహరణ, కానీ ఆయన చెప్పినదానికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. కవచకుండలాలు ఎప్పుడు పోయాయి? అరణ్యపర్వంలో. అర్జునుణ్ణి తప్ప మిగిలిన నలుగురినీ చంపనని కుంతికి మాట ఇచ్చింది ఉద్యోగపర్వంలో. ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారే పనికొస్తుంది. అది పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. అంటే పదిహేడో రోజున రథం ఎక్కే సమయానికి చాలా ముళ్ళు ముందే విప్పేశారు. ఆ రోజుకి మిగిలినవి రెండు శాపాలే: చక్రం నేలలో దిగడం, అస్త్రం గుర్తురాకపోవడం. వంద కారణాలూ ఒకే రోజున పెట్టలేదు. ఒక్కొక్కటీ తీరినప్పుడల్లా కర్ణుడి దగ్గర ఇంకొకటి తగ్గుతూ వచ్చింది.

ఇంకో సంగతి. అతను కుంతి కొడుకన్న రహస్యం ఆ రోజు బయటపడదు. యుద్ధమంతా అయ్యాక, స్త్రీపర్వంలో, తర్పణాలు వదిలేటప్పుడు కుంతి చెబుతుంది. చదివేవాళ్ళకు మొదటి నుంచీ తెలిసిన విషయమే కదా, మరి ఎందుకు గుండె పిండుతుంది? ధర్మరాజుకు అప్పుడే తెలుస్తోంది కాబట్టి. చంపింది అన్నని అని తెలియడం ఒకటి, అమ్మకు ఇన్నాళ్ళూ తెలుసని తెలియడం ఇంకొకటి.

ఇప్పుడు మీ రఘు సంగతి అదే. వాడెక్కడున్నాడో పాఠకులకు 54 వారాలుగా తెలుసు. వాడు పెళ్ళి పందిట్లోకి నడిచి వస్తే వాళ్ళకు కొత్తేమీ లేదు. వాళ్ళు ఎదురుచూస్తున్నది రఘు కోసం కాదు, అమ్మకు తెలిసే క్షణం కోసం. ట్రంకుపెట్టె దీనికి తలకిందులు: అందులో ఏముందో ఎవరికీ తెలియదు. ఈ రెండు రకాల పాయల్నీ ఒకే తీరుగా ముగించకూడదు.

మీరు ఒక పని చేయండి. ఒక్కో పాయ ఏ భాగంలో మొదలైంది, చివరిసారి ఏ భాగంలో కనిపించింది, రాసి పెట్టండి.

మేడమీదగది (శనివారం, మధ్యాహ్నం 1:20)

సార్, కూర్చుని చూశాను. ప్రేమ 83లో ఉంది. రఘు 80లో. స్కూటర్ 71. టైలర్ 62. ట్రంకుపెట్టె 58! ఇరవై ఆరు వారాలుగా దాని పేరే ఎత్తలేదని నాకే తెలియదు.

పాత సంచిక (మధ్యాహ్నం 2:05)

ఆరు నెలలు. పుస్తకం చదివేవాళ్ళకు అది ఎనభై పేజీల దూరం, వారం వారం చదివేవాళ్ళకు ఒక అరసంవత్సరం. 90లో పెట్టె తెరిస్తే సగంమంది ఏ పెట్టె అంటారు. కనీసం రెండు మూడు భాగాల ముందు అది మళ్ళీ కళ్ళబడాలి. అయితే "గుర్తుందా, ఆ పెట్టె" అన్నట్టు కాదు, ఏదో పనిలో భాగంగా. ఇల్లు చూడడానికి కొనేవాళ్ళు వస్తారు కదా, గదులు టేపు పెట్టి కొలుస్తారు. పెట్టె జరపాలి. నాయనమ్మ దాని మీద నుంచి లేవదు. చాలు, పాఠకుడికి అది గుర్తొస్తుంది, పైగా కొత్త అనుమానం కూడా పుడుతుంది.

ఇక అసలు తప్పు. మీ ప్లాన్‌లో ఒక సంఘటనకీ ఇంకోదానికీ మధ్య "ఇంతలో" ఉంది. పెళ్ళి జరుగుతోంది, ఇంతలో రఘు వచ్చాడు, ఇంతలో తాళంచెవి దొరికింది. ఆ చోట్లలో "అందుకని" అన్న మాట పెట్టగలరేమో చూడండి. పెట్టలేకపోతే ఆ సంఘటన మీరు తెచ్చి అతికించిందే. డిపాజిట్ కాగితాలు మరీ ప్రమాదం. ఇల్లు నిలబెట్టడానికి 84 వారాలు ఎవరూ ఏమీ చేయనక్కరలేదని అది చెబుతోంది.

సైదాబాద్ శీను (మధ్యాహ్నం 2:48)

ఒప్పుకుంటున్నాను సార్, పర్వాల లెక్క నాకు తట్టలేదు. "అందుకని" కావాలంటే ఇలా చేస్తే? టైలర్ గుండీలు, దారం కొనడానికి సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి వెళ్తాడు. పక్కనే మోండా మార్కెట్. అక్కడ రఘు కనబడతాడు. అద్దె మాఫీ చేస్తారన్న ఆశతో వచ్చి అమ్మకు చెబుతాడు. రెండు పాయలు కలిశాయి.

పాత సంచిక (మధ్యాహ్నం 3:10)

కలిశాయి, కానీ కనబడటం అదృష్టం కదా శీను గారూ. కష్టం తెచ్చే యాదృచ్ఛికాన్ని పాఠకులు ఒప్పుకుంటారు, కష్టం తీర్చేదాన్ని ఒప్పుకోరు. టైలర్ ఎప్పుడో ముందే చూసి ఉండి, ఇన్నాళ్ళూ దాచి ఉంటే అది వేరే సంగతి. అప్పుడు దానికి ఒక మనిషి నిర్ణయం ఉంటుంది.

దస్తావేజు (మధ్యాహ్నం 3:55)

నేను ప్లీడర్‌ని, కథలు రాయను. ఇల్లు తాతగారి తండ్రి నుంచి వచ్చిన ఆస్తా, తాతగారు కొనుక్కున్నదా? పిత్రార్జితమైతే నాన్న ఒక్కడి సంతకంతో కొనడానికి ఎవరూ ముందుకు రారు. కొడుకు సంతకం అడుగుతారు. ఇంకో విషయం, అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు కూడా పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు వచ్చింది. మీ కథ 1992. కాబట్టి వసుంధర సంతకమూ కావాలి. ఆమెకు ఇప్పుడు పెళ్ళైనా ఆ హక్కు పోదు. దేశమంతటికీ ఇలాంటి సవరణ 2005లో వచ్చింది, అందుకని చాలామంది అంతకుముందు కూతుళ్ళకు ఏమీ లేదనుకుంటారు.

మేడమీదగది (సాయంత్రం 4:30)

పిత్రార్జితమేనండీ, 2వ భాగంలో ముత్తాత కట్టించాడని రాశాను. ఈ విషయం నాకు నిజంగా తెలియదు. ఒక్కసారిగా తలుపు తెరిచినట్టుంది. కొనేవాడు సంతకాలు అడుగుతాడు, అందుకని రఘుని వెతకాలి! కానీ వెతికేదెలా? ఇంట్లో ఎవరికీ తెలియదు కదా.

ప్రతి శుక్రవారం (సాయంత్రం 5:02)

మేడమ్, నేను మీ పాఠకురాలిని, 3వ భాగం నుంచీ ఒక్క వారం కూడా వదల్లేదు. మీ పేరు ఇక్కడ చూసి చాలా సంతోషమేసింది. ఇంట్లో ఎవరికీ తెలియదని మీరంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. నాయనమ్మకు తెలుసని నేను ఎప్పటి నుంచో అనుకుంటున్నాను!

17లో పోస్ట్‌మ్యాన్ వచ్చి అరుగు మీద మజ్జిగ తాగి వెళ్తాడు. 29లో మళ్ళీ వస్తాడు, నాయనమ్మ అమ్మను లోపలికి పంపించి తనే మాట్లాడుతుంది. 46లో కూడా. ప్రతిసారీ నెల మొదటి వారమే. ఇంకా, 35లో మావయ్య తాళాలు బాగుచేసేవాణ్ణి తీసుకొస్తే నాయనమ్మ కర్రతో తరిమేస్తుంది. అందరూ నవ్వుకున్నారు, నేనైతే ఆవిడ ఏదో దాస్తోందనుకున్నాను. రఘు మనియార్డర్లు పంపుతున్నాడు కదా? మీరు అలా అనుకుని రాయలేదా?

మేడమీదగది (సాయంత్రం 5:20)

లేదండీ. పోస్ట్‌మ్యాన్ మా చిన్నప్పటి ఇంటి జ్ఞాపకం. వాతావరణం కోసం రాశాను. కర్ర సీను నవ్వు కోసం. నాకు ఒళ్ళు జలదరిస్తోంది.

పాత సంచిక (రాత్రి 8:10)

ఈ అమ్మాయి చెప్పినదాన్ని మించి నేనేమీ చెప్పలేను. ముగింపు కోసం ముందుకు ఆలోచించకూడదు, వెనక్కి చదవాలి. ఏడాదిన్నరలో మీరు అనుకోకుండా విత్తిన గింజలుంటాయి. మీరు మరిచిపోయినా శ్రద్ధగా చదివేవాళ్ళు మరిచిపోరు.

ఇప్పుడు వరుస చూడండి. ఆ రోజుల్లో మనియార్డర్ ఫారం కింద రెండు మాటలు రాసుకునే చోటుండేది, ఆ కూపన్ డబ్బు అందుకున్నవాళ్ళ దగ్గరే ఉండిపోయేది. పెట్టెలో ఉన్నవి డిపాజిట్ కాగితాలు కావు, రెండేళ్ళ కూపన్లు. తాళంచెవి పోలేదు, నాయనమ్మ కొంగునే ఉంది. కొనేవాడు సంతకం అడిగాడు, అందుకని రఘు కావాలి, అందుకని నాయనమ్మ నోరు విప్పాలి, అందుకని పెట్టె తెరవాలి, అందుకని అమ్మకు తెలుస్తుంది. రఘు పాయ, పెట్టె పాయ, ఇంటి పాయ ఒక్క తాడయ్యాయి. పాఠకులకు తెలిసిన సంగతి పక్కనే తెలియనిది వచ్చి కూర్చుంది: అత్తగారికి తెలుసు, కోడలికి చెప్పలేదు.

85లో చిన్నవి తీర్చేయండి. స్కూటర్, టైలర్. వాటికి చెరొక పేజీ మించి వద్దు. ఇంటి కొలతలూ అందులోనే. 86లో కొనేవాడి షరతు. 87లో పెట్టె. 88 అంతా అమ్మ మోండా మార్కెట్‌కి వెళ్ళడం. 89 సంతకాల రోజు. 90లో పెద్ద సంఘటన ఏదీ పెట్టకండి, గొడవంతా సద్దుమణిగిన ఇంట్లో ఒక మామూలు రోజు చాలు. ప్రేమ విషయం నాకు తేలలేదు. మొదట మొదలైంది చివర తీరాలని నా అభిప్రాయం, అందుకని ఇంటి పాయ తర్వాత పెళ్ళి పెడితే తోక పొడుగవుతుంది.

ప్రతి శుక్రవారం (రాత్రి 8:40)

సార్, దీనికి నేను ఒప్పుకోను. వసుంధర కోసమే చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆమె ప్రేమ సంగతి ముందే తేల్చేస్తే మాకు అన్యాయం.

దస్తావేజు (రాత్రి 9:00)

ఆమె సంతకం కూడా కావాలన్నాను కదా. ఇన్నాళ్ళూ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, ఆ రోజు అడగాల్సి వస్తుంది. ఆ బల్ల దగ్గరే తన మాట చెప్పుకోవచ్చు. పెళ్ళి చూపించాల్సిన పనేముంది?

కొత్తపేట కల్యాణి (ఆదివారం, ఉదయం 10:12)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా సీరియల్‌ని పుస్తకంగా వేస్తున్నాను. పుస్తకానికి ముగింపు మార్చాలా?

పాత సంచిక (ఉదయం 10:50)

ముగింపు కాదమ్మా, దాని ముందరి గుర్తుచేతలు తగ్గించాలి. వారానికోసారి చదివేవాళ్ళ కోసం పెట్టినవి పుస్తకంలో వరుసగా చదివితే చెప్పిందే చెబుతున్నట్టుంటాయి. మిగతాది వేరే చర్చ పెట్టండి, చెబుతాను.

సైదాబాద్ శీను (ఉదయం 11:30)

ఒక ఆలోచన, ఈసారి అదృష్టం కాదు. 4వ భాగంలో రఘు వెళ్ళిపోయిన రోజు ఊరంతా హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి విగ్రహం మునిగిపోయిందని చెప్పుకుంటున్నట్టు రాశారు. అది 1990 మార్చి 10. దాన్ని పైకి తీసి, 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు. అమ్మ బస్సు ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్తుంది. నీళ్ళలో నిలబడ్డ విగ్రహాన్ని చూస్తుంది. రెండేళ్ళు అడుగున ఉన్నది పైకొచ్చింది. ఆ వారమే పెట్టండి.

బన్సీలాల్‌పేట (మధ్యాహ్నం 12:15)

చాలా బాగుంది శీను గారూ. కానీ తేదీ చూసుకోండి. 1992 డిసెంబర్ మొదటి వారం అంటే అయోధ్య, ఆ వెంటనే మన పాతబస్తీలో అల్లర్లు, కర్ఫ్యూ. గౌలిగూడకి మూసీ దాటితే పాతబస్తీయే. అమ్మ డిసెంబర్ 2న బస్సెక్కితే, సంతకాల రోజు వచ్చేసరికి ఊరు అంటుకుని ఉంటుంది. దాన్ని రాయకుండా ఉండలేరు, రెండు భాగాల్లో రాసి న్యాయం చేయనూ లేరు. నా లాయర్‌లాగే అది కూడా ఆఖర్లో వచ్చిన కొత్త పాత్ర అవుతుంది.

సైదాబాద్ శీను (మధ్యాహ్నం 12:40)

నిజమే. నేను పుట్టకముందు సంగతి, గుర్తుకు రాలేదు. అయితే నవంబర్‌లో పెట్టండి. విగ్రహం ఇంకా నిలబడదు. ఆమె చూసేది ఖాళీ పీఠమే.

పాత సంచిక (మధ్యాహ్నం 1:05)

అదే ఇంకా బాగుంది. ఆమె ఇంకా కొడుకుని చూడలేదు కదా.

మేడమీదగది (గురువారం, రాత్రి 11:25)

అందరికీ దండాలు. నాలుగు రోజులుగా రాస్తూనే ఉన్నాను. 85, 86 అయ్యాయి. 85లో స్కూటర్ స్టార్ట్ కాలేదు, మావయ్య దాన్ని అమ్మేశాడు. స్టార్ట్ చేస్తే అబద్ధంలా అనిపించింది. టైలర్ బాకీకి బదులు అమ్మకు రెండు జాకెట్లు కుట్టి ఇచ్చి, వాటా ఖాళీ చేసి వెళ్ళాడు. ఆ జాకెట్లలో ఒకటి 88లో అమ్మ వేసుకుని వెళ్తుంది.

87 మూడుసార్లు రాశాను. మొదటిసారి నాయనమ్మ చేత రెండు పేజీలు మాట్లాడించాను, ఎందుకు దాచింది, వాడు ఏమని బతిమాలాడు అని. కోర్టులో వాంగ్మూలంలా ఉంది. రెండోసారి అమ్మ చేత అరిపించాను. అదీ నచ్చలేదు. మూడోసారి ఇద్దరి మాటలూ తీసేశాను. అమ్మ కూపన్లు ఒక్కొక్కటే లైటు కింద పెట్టి చదువుతుంది. ఒకదానిలో "జ్వరం తగ్గింది". ఒకదానిలో "నాన్న అడిగితే చెప్పకు". మూడోదానిలో "అమ్మకి చెబితే వచ్చేస్తుంది, అప్పుడే వద్దు". అది చదివి నాయనమ్మ వైపు చూస్తుంది, "మోండా మార్కెట్‌కి బస్సు ఎక్కడ ఎక్కాలి?" అంటుంది. అక్కడ ఆపేశాను. అక్కకు వినిపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇల్లు అమ్మాలా వద్దా ఇంకా తేలలేదు. రఘు సంతకం పెడితే ఇల్లు పోతుంది గానీ నాన్న అప్పు తీరుతుంది. పెట్టకపోతే ఇల్లుంటుంది, మళ్ళీ పాత గొడవే. రెండు విధాలా రాసి చూస్తాను.

దస్తావేజు (రాత్రి 11:40)

అమ్మేయండి. అప్పు వడ్డీతో ఎంతయిందో 60లో మీరే రాశారు.

ప్రతి శుక్రవారం (రాత్రి 11:44)

అమ్మకండి మేడమ్. ఆ అరుగు పోతే నేను తట్టుకోలేను.

పాత సంచిక (శుక్రవారం, ఉదయం 6:50)

నేను ఏదీ చెప్పను. ఏది రాసినా ఆ సంతకం రఘుకి కష్టమవ్వాలి, అది చూసుకోండి. 87లో "జ్వరం తగ్గింది" కూపన్‌ని ఆఖరున పెట్టి చూశారా? జ్వరం వచ్చిందని అమ్మకు అప్పుడే తెలుస్తుంది, తగ్గిందని కూడా అప్పుడే.

మేడమీదగది (ఉదయం 7:05)

మారుస్తున్నాను సార్.

ప్రతి శుక్రవారం (ఉదయం 7:30)

ఒక్క ప్రశ్న, ఇక అడగను. 90 వచ్చేది నెల మొదటి వారం కథ. పోస్ట్‌మ్యాన్ వస్తాడా?

మేడమీదగది (ఉదయం 7:33)

వస్తాడండీ. ఈసారి మజ్జిగ ఎవరిస్తారో ఇంకా రాయలేదు.